కూరలో ఉప్పు సగం చేసినా నాన్నగారి బీపీ ఎందుకు దిగడం లేదు?

గౌతమి

అందరికీ నమస్కారం. మా అమ్మా నాన్నగారూ అమలాపురంలో ఇద్దరే ఉంటారు, నేను హైదరాబాదులో ఉంటాను. నాన్నగారికి 62 ఏళ్లు. రోజూ ఉదయం టెల్మిసార్టాన్ 40 మాత్ర వేసుకుంటారు, అయినా ఇంట్లో చూసుకునే బీపీ 148/92 చుట్టుపక్కలే ఉంటోంది. డాక్టరుగారు మాత్ర మోతాదు పెంచేముందు ఉప్పు తగ్గించి చూద్దామన్నారు. అమ్మ ఆ మాటను చాలా శ్రద్ధగా పట్టుకుని పప్పులోనూ కూరలోనూ చారులోనూ ఉప్పు సగానికి తగ్గించింది. కిలో ఉప్పు ప్యాకెట్ ఇప్పుడు ఇద్దరికీ కలిపి నాలుగు నెలలు వస్తోంది. అయినా బీపీలో మార్పు కనబడలేదు.

నాన్నగారి తిండి ఇలా ఉంటుంది. పొద్దున్న ఇడ్లీ లేదా పెసరట్టు. మధ్యాహ్నం మొదటి ముద్ద ఆవకాయతో, ఆ తరువాత పప్పు, కూర, చారు, వాటితో రెండు అప్పడాలు. సాయంత్రం టీతో పాటు ప్యాకెట్ మిక్స్చర్ ఒక గుప్పెడు. రాత్రి పెరుగన్నంలోకి నిమ్మకాయ పచ్చడి, ఉంటే రెండు ఊరమిరపకాయలు. కూరలు చప్పగా ఉన్నాయని ఈమధ్య పచ్చడి కాస్త ఎక్కువే వేసుకుంటున్నారని అమ్మ చెబుతోంది. ఉప్పు తగ్గిస్తే బీపీ తగ్గుతుందనేది అందరికీ వర్తించదా, లేక మేము చూడని చోటేదైనా ఉందా?

సైంధవం

గౌతమి గారూ, మీ సమస్య ఉప్పు పరిమాణంలో లేదు, ఉప్పు రకంలో ఉంది. ప్యాకెట్లలో వచ్చే తెల్లటి పొడి ఉప్పు మానేసి సైంధవ లవణం వాడండి. అందులో పొటాషియం, మెగ్నీషియం లాంటి ఖనిజాలు ఉంటాయి, బీపీని తగ్గించేది పొటాషియమే. ఇది నేను ఊహించి చెప్పే మాట కాదు. పొటాషియం బీపీని తగ్గిస్తుందని ఆధునిక వైద్యులు కూడా ఒప్పుకుంటారు. మా ఇంట్లో చాలా కాలంగా అదే వాడుతున్నాము.

పథ్యం

నేను ఒక ఆసుపత్రి కిడ్నీ విభాగంలో పోషకాహార సలహాదారుగా పని చేస్తున్నాను, అందుచేత ఇలాంటి భోజనాల లెక్క రోజూ వేస్తూనే ఉంటాను. గౌతమి గారు ఇచ్చిన వివరాల్లోనే సమాధానం ఉంది కాబట్టి ఆ కంచాన్నే వరుసగా చూద్దాము.

ముందు వంటింటి ఉప్పు. కిలో ఉప్పు ఇద్దరికి నాలుగు నెలలు, అంటే సుమారు 120 రోజులు వస్తే, మనిషికి రోజుకు 4 గ్రాములు పైచిలుకు పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు పెట్టిన హద్దు రోజుకు 5 గ్రాముల లోపు. అమ్మగారు తన చేతిలో ఉన్నంతవరకు పని పూర్తిగా చేశారనే చెప్పాలి.

ఇక ఆ ప్యాకెట్‌లో కనబడని ఉప్పు సంగతి. ఆవకాయలో కిలో ముక్కలకు 200 గ్రాముల ఉప్పు, కారమూ ఆవపిండీ కలిపి 300 గ్రాములు, నూనె మరో 300 గ్రాములు అనుకుంటే మొత్తం 1800 గ్రాముల పచ్చడి అవుతుంది. అంటే ప్రతి 100 గ్రాముల పచ్చడిలో 11 గ్రాములు ఉప్పే. మొదటి ముద్దకు ముక్కతో, పిండితో కలిపి 20 గ్రాములు వేసుకున్నా 2 గ్రాముల పైన ఉప్పు లోపలికి వెళుతుంది. రాత్రి నిమ్మకాయ పచ్చడి అందులో సగం వేసుకుంటే ఇంకో గ్రాము. రెండు అప్పడాలలో కలిపి సుమారు ఒక గ్రాము ఉప్పుకు సమానమైన సోడియం ఉంటుంది. గుప్పెడు మిక్స్చర్ 50 గ్రాములు తూగితే అందులోనూ దాదాపు ఒక గ్రాము. ఊరమిరపకాయల్లో ఉప్పు ఒక్కో ఇంట్లో ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి వాటికి అంకె వేయడం లేదు, కానీ ఉప్పు వేసిన మజ్జిగలో మళ్లీ మళ్లీ నానబెట్టి ఎండబెట్టిన వస్తువులో ఉప్పు ఎంత చేరుతుందో మీరే ఊహించుకోవచ్చు.

ఇదంతా కూడితే 5 గ్రాములు దాటుతోంది. అంటే నాన్నగారు తినే ఉప్పులో సగం పైన వంటింటి ఉప్పు డబ్బా నుంచి రావడం లేదు. పైగా కూర చప్పబడిన కొద్దీ పచ్చడి పెరుగుతోందని మీరే రాశారు, కాబట్టి అమ్మగారు ఒక చోట తగ్గించినది ఇంకో చోట తిరిగి చేరుతోంది. ఉప్పు తగ్గించినా బీపీ దిగలేదు అనే నిర్ణయానికి ఇప్పుడే రావద్దు, ఉప్పు నిజంగా తగ్గిందో లేదో ఇంకా తెలియదు.

సైంధవం గారికి ఒక మాట. పొటాషియం విషయంలో మీరన్నది నిజమే. కానీ సైంధవ లవణంలో నూటికి 97 పాళ్లు పైగా సోడియం క్లోరైడే ఉంటుంది. రోజుకు 5 గ్రాములు వాడితే అందులో దొరికే పొటాషియం కొద్ది మిల్లీగ్రాములు మాత్రమే, ఒక అరటిపండులో సుమారు 400 మిల్లీగ్రాములు ఉంటుంది. పలుకులు పెద్దవిగా ఉన్నప్పుడు చెంచాలో ఖాళీ ఎక్కువ ఉండి ఉప్పు బరువు తక్కువ పడుతుంది, కొందరికి మేలు కనబడడానికి అదొక కారణం కావచ్చు. అయోడిన్ కలపని రకాలు వాడే ఇళ్లలో ఆ లోటును కూడా గమనించుకోవాలి.

సైంధవం

మీ లెక్కను కాదనడం లేదు. అయితే నా అనుభవంలో దానితో వండిన కూర తేలికగా ఉంటుంది, ఆ మాట మీద నేను నిలబడతాను. అప్పడాల గురించి ఒక సందేహం. మా ఇంట్లో పిండిలో ఉప్పు చాలా తక్కువ వేస్తాము. అప్పుడు కూడా మీ లెక్క వర్తిస్తుందా?

పథ్యం

అప్పడాల పిండిలో ఉప్పుతో పాటు పాపడ్ ఖారం కూడా వేస్తారు కదా, అప్పడం పొంగి కరకరలాడడానికి. అది కూడా సోడియం లవణమే, కానీ నాలుకకు ఉప్పగా తెలియదు. అందుచేత రుచి చూసి అప్పడంలో ఉప్పు తక్కువ ఉందని చెప్పలేము. బిస్కెట్లలో, బ్రెడ్డులో, బేకరీ పఫ్‌లలో వేసే వంటసోడాదీ ఇదే పద్ధతి. కడుపు మంటకు నీళ్లలో వేసుకుని బుసబుస పొంగగానే తాగే పొడులలో కూడా సోడియం చాలా ఉంటుంది, వాటిని రోజూ వాడే బీపీ రోగులు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

ప్యాకెట్ తినుబండారాల విషయంలో నాలుకను నమ్మకుండా వెనక ముద్రించిన పట్టిక చూడండి. అక్కడ ఉప్పు అని ఉండదు, సోడియం అని మిల్లీగ్రాములలో ఉంటుంది. దాన్ని రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు వస్తుంది. 100 గ్రాములకు 800 మిల్లీగ్రాముల సోడియం అని ఉంటే అది 2 గ్రాముల ఉప్పు. ఒక వడ్డనకు ఇంత శాతం అని రాసినప్పుడు ఆ వడ్డన ఎన్ని గ్రాములో తప్పక చూడాలి. చాలా ప్యాకెట్ల మీద అది 20 లేదా 30 గ్రాములే ఉంటుంది, టీ తాగుతూ అంత తక్కువతో ఆపేవాళ్లు అరుదు.

పొలం పని

మాది నల్గొండ జిల్లా. మీరంతా నీడ పట్టున కూర్చునేవారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నారనిపిస్తోంది. మేము ఏప్రిల్, మే నెలల ఎండలో పని చేస్తే చొక్కా మీద ఉప్పు చారలు కడతాయి. మా నాన్న గొడ్డుకారంతో, మామిడికాయ తొక్కుతో అన్నం తిని ఎనభై ఏళ్లు బతికాడు. చెమటలో పోయిన ఉప్పు తిరిగి రాకపోతే కళ్లు తిరగవా?

పథ్యం

మీ ప్రశ్న న్యాయమైనది. ఎండలో గంటల తరబడి ఒళ్లు వంచి పని చేసేవారికి చెమటలో ఉప్పు పోతుంది, వాళ్లకు ఉప్పు వేసిన మజ్జిగో గంజో అవసరమే. అయితే ఇంత ఎండకు ఇంత ఉప్పు అని అందరికీ పనికివచ్చే కొలత నా దగ్గర లేదు. పని లేని నెలల్లో కూడా తొక్కు అదే మోతాదులో సాగుతుందా, మీ బీపీ ఎప్పుడైనా చూపించుకున్నారా అన్నవి మీరు గమనించవలసిన విషయాలు. గౌతమి గారి నాన్నగారు ఎండలో పని చేయడం లేదు కాబట్టి ఆయనకు ఆ మినహాయింపు వర్తించదు.

మీ ప్రశ్నలో ఇంకొక ముఖ్యమైన సంగతి ఉంది. క్లోర్తాలిడోన్, హైడ్రోక్లోరోథయాజైడ్ లాంటి నీరు తీసే మాత్రలు వాడే పెద్దవయసువారు ఉప్పును ఒక్కసారిగా పూర్తిగా మానేస్తే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. నీరసం, తూలడం, మాట తడబడడం, మగతగా ఉండడం కనబడితే వయసు మీద పడిందని సరిపెట్టుకోకుండా వెంటనే రక్తపరీక్ష చేయించాలి. అందుకే నేను చప్పిడి పథ్యం చెప్పడం లేదు, హద్దు లోపలికి తీసుకురావడం గురించి మాత్రమే చెబుతున్నాను.

గౌతమి

పథ్యం గారూ, మీ లెక్క అమ్మకు ఫోనులో చదివి వినిపించాను. ఆవిడ ఆవకాయ జాడీ వైపు ఎప్పుడూ ఆ దృష్టితో చూడలేదట. నాన్నగారు మాత్రం ఆవకాయ లేకుండా అన్నం ముట్టనంటున్నారు. పొటాషియం పెంచితే ఉప్పు కాస్త ఎక్కువైనా సర్దుకుంటుందా? మా పెరట్లో కొబ్బరిచెట్లున్నాయి, రోజుకు రెండు బోండాలు తాగించడం మాకు కష్టం కాదు.

కవిటి తోట

అమ్మా, ఆ బోండాల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. మా చుట్టూ కొబ్బరితోటలే, కిడ్నీ జబ్బులూ మా ప్రాంతంలోనే. మా అన్నయ్యకు కిడ్నీ దెబ్బతిన్నట్టు మాకు తెలియదు, ఆయనకు ఏ బాధా ఉండేది కాదు. నీరసంగా ఉందని రోజూ కొబ్బరినీళ్లు తాగేవాడు. ఒకరోజు కాళ్లలో సత్తువ పోయి కూలబడితే ఆసుపత్రికి తీసుకువెళ్లాము. రక్తంలో పొటాషియం బాగా పెరిగిపోయిందని, గుండె లయ దెబ్బతింటోందని చెప్పి అత్యవసరంగా వైద్యం చేశారు. బీపీ ఉన్న ప్రతివారికీ అరటిపళ్లు, కొబ్బరినీళ్లు చెప్పేవారు ముందుగా క్రియాటినిన్ పరీక్ష చేయించమని ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

పథ్యం

కవిటి తోట గారు చెప్పినది ఈ చర్చలో అన్నిటికంటే ముందు చదవవలసిన మాట. కిడ్నీ సరిగా పని చేస్తున్నప్పుడు తిండిలో వచ్చే అదనపు పొటాషియంను మూత్రంలో పంపేస్తుంది. అది దెబ్బతింటే పొటాషియం రక్తంలో నిలిచిపోతుంది, దానికి ముందస్తు బాధలు ఏమీ ఉండకపోవచ్చు. గౌతమి గారి నాన్నగారు వాడుతున్న టెల్మిసార్టాన్ కూడా శరీరంలో పొటాషియంను కొంత నిలబెడుతుంది. లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్, స్పైరోనోలాక్టోన్ అన్నీ ఈ విషయంలో అటువంటివే. కాబట్టి మొదటి మెట్టు బోండాం కాదు, క్రియాటినిన్, రక్తంలో పొటాషియం చూసే పరీక్షలు. అవి బాగున్నాయని డాక్టరుగారు చెప్పాకే మిగతా సంగతి.

అవి బాగుంటే పొటాషియం చేసే మేలు నిజంగా పెద్దది. కిడ్నీలోని సన్నని గొట్టాలలో, ఉప్పును మూత్రం నుంచి వెనక్కి లాక్కునే ఒక చోటు ఉంది. తిండిలో పొటాషియం తక్కువైతే శరీరం ఉన్న పొటాషియంను కాపాడుకునే ప్రయత్నంలో అక్కడ ఉప్పును ఎక్కువగా వెనక్కి తీసుకుంటుంది, ఉప్పుతో పాటు నీరూ నిలిచి బీపీ పెరుగుతుంది. పొటాషియం తగినంత వస్తే ఆ లాగుడు తగ్గి ఉప్పు మూత్రంలో పోతుంది. ఇందాక చెప్పిన థయాజైడ్ మాత్రలు పనిచేసేదీ సరిగ్గా ఆ చోటనే. ఒకే మనిషి ఉప్పు ఎక్కువ, కూరగాయలు తక్కువ తింటే రెండు వైపులా నష్టపోవడానికి కారణం ఇది.

అయినా ఆవకాయను అలాగే ఉంచి పైన బోండాలు తాగితే చెల్లు అనుకోవద్దు. అమెరికాలో జరిగి 2001లో ప్రచురితమైన డాష్ సోడియం ప్రయోగంలో కూరగాయలు, పళ్లు, పాలపదార్థాలు ఎక్కువగా ఉన్న భోజనానికి ఉప్పు తగ్గింపు కూడా తోడైనప్పుడే ఫలితం అన్నిటికంటే ఎక్కువగా వచ్చింది. మామూలు భోజనం, ఎక్కువ ఉప్పు తిన్నప్పటితో పోలిస్తే బీపీ ఉన్నవారిలో పై అంకె 11 పాయింట్లు పైగా తగ్గింది. ఒక్కొక్కటి విడిగా చేసినా బీపీ తగ్గింది గానీ అంత కాదు.

మన వంటలో పొటాషియంకు బోండాలే దిక్కు కాదు. 30 గ్రాముల కందిపప్పులో దాదాపు 400 మిల్లీగ్రాములు ఉంటుంది. తోటకూర, పాలకూర, చిలగడదుంప, టమాటా, అరటిపండు అన్నీ మంచివే. పొటాషియం నీళ్లలోకి దిగిపోతుంది కాబట్టి ఆకుకూర ఉడికించిన నీళ్లు పారబోయకుండా పప్పులోనో చారులోనో కలపాలి. నాన్నగారి భోజనంలో అన్నం కుప్పగా, కూర చెంచాడుగా ఉంటుందేమో గమనించండి. తెల్లన్నంలో పొటాషియం చాలా తక్కువ.

గుంటూరు పచ్చళ్లు

నేను ఇంటి దగ్గర పచ్చళ్లు పెట్టి అమ్ముతాను. మీ మాటలను బట్టి ఆవకాయలో ఉప్పు సగం వేయమంటున్నారని అర్థమైంది. అది జరిగే పని కాదమ్మా. ఉప్పు చాలకపోతే మూడో రోజుకు ఊట సరిగా రాదు, ముక్క మెత్తబడుతుంది, వానాకాలానికి జాడీ అంచున తెల్లగా బూజు వస్తుంది. ఏడాది నిలవ పచ్చడికి ఉప్పే ప్రాణం. మా కొలత నాలుగు గిన్నెల ముక్కలకు గిన్నె ఉప్పు, గిన్నె కారం, గిన్నె ఆవపిండి. అందులో ఉప్పును కదిపితే నేను వ్యాపారం మూసుకోవాలి.

పథ్యం

అలా అనలేదండీ. నిలవ పచ్చడిలో ఉప్పు తగ్గించవద్దనే నేనూ అంటాను, బూజు పట్టిన పచ్చడి ఇంకో ప్రమాదం. తగ్గించవలసింది జాడీలో కాదు, కంచంలో. మొదటి ముద్దను రోటి పచ్చడికి ఇవ్వమని నేను చెబుతుంటాను. బీరకాయ, దోసకాయ, టమాటా, గోంగూర ఏదైనా సరే, ఆ పూటకు నూరుకునేది నిలవ ఉండనక్కరలేదు కాబట్టి నాలుగు వేళ్లకు అందే పచ్చడికి చిటికెడు ఉప్పు సరిపోతుంది. చింతపండు, నిమ్మరసం, పచ్చిమిరపకాయ, ఇంగువ, జీలకర్ర ఆ లోటు చాలావరకు పూడుస్తాయి. ఆవకాయ కావాలంటే పూర్తిగా మానకుండా, పిండి తీసివేసి ఒక చిన్న ముక్క మాత్రం చివర్లో నంజుకోవచ్చు. అన్నంలో కలుపుకునేటప్పుడు దిగేంత పచ్చడి నంజుకున్నప్పుడు దిగదు.

సైంధవం

దుకాణాల్లో తక్కువ సోడియం ఉప్పు అని అమ్ముతున్నారు. అందులో పొటాషియం నిజంగానే కలుపుతారు కదా. అయితే నేను చెప్పినదానికి అది దగ్గరే కాదా?

పథ్యం

ఆలోచన దగ్గరిదే, మోతాదు వేరు. చైనా పల్లెల్లో సుమారు 21,000 మందితో చేసి 2021లో ప్రచురించిన పెద్ద ప్రయోగంలో 75 పాళ్లు మామూలు ఉప్పు, 25 పాళ్లు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు వాడినవారిలో పక్షవాతం 14 శాతం తగ్గింది. అది సైంధవ లవణంలోని రవ్వంత కాదు, నాలుగో వంతు. కానీ తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నవారిని అందులో చేర్చుకోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో ఇలాంటి ఉప్పును సూచించినప్పుడు కూడా కిడ్నీ జబ్బు ఉన్నవారినీ గర్భిణులనూ పిల్లలనూ మినహాయించింది. ఉద్దానం లాంటి చోట పరీక్ష చేయకుండా దాన్ని ఇంటింటికీ పంచడానికి నేను ఒప్పుకోను. ఇంకొక సంగతి, అది పనిచేసేది వంటలో చేత్తో వేసే ఉప్పు స్థానంలోనే. గౌతమి గారి ఇంట్లో వంటింటి ఉప్పు ఇప్పటికే తగ్గిపోయింది, పచ్చడి జాడీని, మిక్స్చర్ ప్యాకెట్‌ని అది తాకదు.

కవిటి తోట

నేను దీన్ని ఒప్పుకోను అనడం లేదు, కానీ మా ఊళ్లో చాలామందికి తమ కిడ్నీల పరిస్థితి తెలియదు. పరీక్ష చేయించుకున్నాక వాడమంటే, చేయించుకోనివారు కూడా దుకాణంలో కొనుక్కుంటారు. ప్యాకెట్ మీద ఆ హెచ్చరిక తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలి.

ఒక ప్రశ్న. అన్నయ్యకు కూరగాయలు ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు వంపేయమని చెప్పారు. ఇందాక మీరు దానికి విరుద్ధంగా చెప్పారు.

పథ్యం

రెండూ సరైనవే, మనుషులు వేరు. పొటాషియం కావలసినవారు ఆ నీళ్లు ఉంచుకోవాలి, వద్దన్నవారు వంపేయాలి. మీ అన్నయ్యగారి విషయంలో ఆయన డాక్టరు చెప్పిందే పాటించండి.

గౌతమి

కొన్ని వారాల తరువాత రాస్తున్నాను. క్రియాటినిన్, పొటాషియం రెండూ మామూలుగా ఉన్నాయి. డాక్టరుగారి అనుమతితో రోజూ ఒక ఆకుకూర పప్పు, సాయంత్రం మిక్స్చర్ బదులు ఉడికించిన చిలగడదుంప లేదా ఉప్పు లేని వేరుశనగలు, అరటిపండు ఇస్తున్నాము. అప్పడం ఆదివారానికి పరిమితమైంది. మొదట్లో నాన్నగారు అన్నం తక్కువ తిన్నారు, అమ్మ చాలా బాధపడింది. ఇప్పుడు టమాటా పచ్చడి అడిగి వేయించుకుంటున్నారు. ఉదయం, సాయంత్రం అయిదు నిమిషాలు కూర్చోబెట్టి చూసిన అంకెల సగటు 138/86కి వచ్చింది. ఇక మాత్ర ఆపవచ్చా అని నాన్నగారు అడుగుతున్నారు.

పథ్యం

ఆపవద్దు. ఈ అంకె మాత్రతోనూ తిండితోనూ కలిసి వచ్చింది. ఆ చిట్టా డాక్టరుగారికి చూపించండి, మోతాదు అలాగే ఉంచాలో మార్చాలో ఆయన నిర్ణయిస్తారు. ఈ తగ్గుదలలో ఉప్పు వాటా ఎంత, పొటాషియం వాటా ఎంత అని మీ ఇంట్లో విడదీసి చెప్పడం సాధ్యం కాదు. పెళ్లిళ్లలో, బంధువుల ఇళ్లలో భోజనాలు వరుసగా వచ్చిన వారంలో అంకె మళ్లీ పెరగవచ్చు, అప్పుడు ఏం తిన్నారో పక్కనే రాసి ఉంచండి.

గుంటూరు పచ్చళ్లు

నా సీసాల మీద సోడియం ఎంతో రాద్దామని ఉంది. ల్యాబుకు పంపేలోపు నా కొలతతో సుమారుగా ఎంత అవుతుందో చెప్పగలరా? రాస్తే కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారేమోనని మా వారు భయపడుతున్నారు.

పథ్యం

గిన్నె కొలతను నమ్మకుండా మీ ఉప్పును, తయారైన మొత్తం పచ్చడిని తూకం వేయండి. నేను పైన వేసిన లెక్కే మీదీ అయితే 100 గ్రాములకు 11 గ్రాముల ఉప్పు, అంటే 4,400 మిల్లీగ్రాముల సోడియం. వడ్డన 10 గ్రాములు అని రాస్తే 440 మిల్లీగ్రాములు, రోజు మొత్తానికి పెట్టిన 2,000 మిల్లీగ్రాములలో 22 శాతం. ముద్రించే అంకె మాత్రం ల్యాబు ఇచ్చినదే కావాలి. కొనేవాళ్లు ఏమంటారో నేను చెప్పలేను. 10 గ్రాములు అంటే ఎంతో తెలిసేలా సీసాతో పాటు ఒక చిన్న చెంచా ఇవ్వగలిగితే బాగుంటుంది.

గుంటూరు పచ్చళ్లు

చెంచా ఇవ్వగలను. ఈ వేసవి కాయ దిగగానే మొదటి జాడీని తూకం వేసి అంకెలు ఇక్కడే పెడతాను.